క్లెయిమ్‌కు జతచేసే సమర్థన లేఖ: ఏళ్ల వాడకం తరువాత

తిరుపతిలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఇన్సూరెన్స్ డెస్క్ చూస్తూ, క్లెయిమ్‌కు మద్దతుగా డాక్టరు సంతకంతో వెళ్లే లేఖలను ఏళ్లుగా సిద్ధం చేస్తున్నాను. డిశ్చార్జ్ సమ్మరీ ఉండగా ఇంకో కాగితం దేనికని రోగి బంధువులు అడుగుతుంటారు. ఏ జబ్బు, ఏ మందులు అన్నది సమ్మరీలో ఉంటుంది. ఓపీలో చూసి పంపకుండా ఎందుకు చేర్చుకోవలసి వచ్చిందన్నది చాలాసార్లు ఉండదు. బీమా కంపెనీ తరఫున క్లెయిములు పరిశీలించే టీపీఏ అడిగేది సరిగ్గా అదే.

చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక డెంగీ రోగి క్లెయిమ్‌పై ఇలాంటి క్వెరీయే వచ్చింది. చేరేనాటికి జ్వరం 99 డిగ్రీలే, ప్లేట్‌లెట్లు 82 వేలు, ఎక్కించవలసిన అవసరమూ రాలేదు, కాబట్టి చేర్చుకోనక్కరలేదన్నది వారి వాదన. సమ్మరీ ఒక్కటే చదివితే ఎవరైనా అదే అంటారు.

కేస్ షీట్ తిరగేస్తే సంగతి వేరుగా ఉంది. డెంగీలో రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారే ప్రమాదం జ్వరం దిగే వేళలోనే ఎక్కువ. ఆయనకు అది ఐదో రోజు. ప్లాస్మా కారితే రక్తం చిక్కబడి, అందులో ఎర్రకణాల వాటాను చెప్పే హెమటోక్రిట్ పెరుగుతుంది. ముందురోజు 40 ఉన్న ఆ అంకె చేరేటప్పటికి 48 అయింది, అంటే 20 శాతం పెరిగింది. బీపీ 100/80, పై అంకెకూ కింది అంకెకూ తేడా 20 మాత్రమే. అరవై కిలోల మనిషికి మొదటి ఆరు గంటల్లో వచ్చిన మూత్రం 150 మిల్లీలీటర్లు, కిలోకు గంటకు అర మిల్లీలీటరు కూడా కాదు. గంట గంటకూ చూసుకుంటూ సెలైన్ ఎక్కించాక, మరునాటికి హెమటోక్రిట్ 41కి దిగి, మూత్రం పెరిగింది. ఈ అంకెలను, ఏది ఏ చార్టులోదో చెబుతూ, సమయ క్రమంలో ఒకే పేజీలో పెట్టాము. ప్లేట్‌లెట్ల ఊసు ఒక్క వాక్యంతో సరిపెట్టాము. క్లెయిమ్ మంజూరైంది.

ఎక్కువగా తేడా కొట్టేది సమయాల దగ్గర. రిపోర్టు మీద పెద్దగా కనిపించేది ప్రింటు తీసిన వేళ. దాన్నే లేఖలో వేస్తే, సెలైన్ మొదలుపెట్టిన తరువాతే హెమటోక్రిట్ 48కి చేరినట్టు అర్థమవుతుంది. శాంపిల్ తీసిన వేళను నర్సుల నోట్స్ నుంచి తీసుకోవాలి. ముందురోజు పరీక్ష వేరే ల్యాబులో జరిగి ఉంటే ఆ మాటా రాయాలి, ఎందుకంటే యంత్రం మారితే అంకె కొంత మారవచ్చు.

చార్టులో లేనిదాన్ని ఈ లేఖ పుట్టించజాలదు. మూత్రం లెక్క రాసే ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు ఖాళీగా ఉంటే, మూత్రం తగ్గిందన్న వాదన వదులుకోవడమే మేలు. తరువాత నింపిన గడులు కేస్ షీట్ నకలు తెప్పించుకున్నప్పుడు బయటపడతాయి. "తీవ్రమైన", "అత్యవసర" వంటి విశేషణాలు చేర్చమని కొందరు డాక్టర్లు పట్టుబడతారు గానీ, వాటివల్ల క్వెరీ ఆగిన దాఖలా నేను చూడలేదు. వెయిటింగ్ పీరియడ్ వంటి పాలసీ షరతులతో తిరస్కరించిన క్లెయిములకు ఈ లేఖ ఏమాత్రం పనికిరాదు. బయటి ల్యాబు రిపోర్టులను మాత్రం చేరిన రోజే డెస్క్‌లో ఇవ్వమని బంధువులను అడుగుతాను. పైన చెప్పిన కేసులో ఆ 40 అన్న అంకె దొరికింది అలాంటి కాగితంలోనే.