వాతావరణ పొరలు: ఎత్తుల పట్టికా, ఉష్ణోగ్రత గీతా? పరీక్షకు ఏది మేలు?

పర్యావరణ శాస్త్రం పరీక్ష దగ్గర పడిందంటే చాలు, అందరూ అడిగేది ఇదే. పొరల ఎత్తులు, డిగ్రీలు పట్టికగా బట్టీ పట్టాలా, లేక ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూపే గీత గీసుకుని చదవాలా? పొరల పేర్లు మీకు వచ్చనే అనుకుని నేరుగా విషయంలోకి వెళ్తాను.

పట్టికను తీసిపారేయలేం. నేల నుంచి ట్రోపో ఆవరణం సగటున 12 కి.మీ. దాకా, స్ట్రాటో 50 దాకా, మీసో సుమారు 85 దాకా, ఆపైన థర్మో. ఖాళీలు పూరించమంటే ఈ అంకెలే మార్కులు తెస్తాయి. చదవడానికి ఒక్క సాయంత్రమే మిగిలితే పట్టికే దిక్కు. కానీ 'ఎందుకు' అని అడిగిన ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. పైగా పుస్తకానికో అంకె కనిపిస్తుంది. ట్రోపో ఆవరణం ఎత్తు ధ్రువాల దగ్గర 8 కి.మీ. అయితే భూమధ్యరేఖ దగ్గర 16 నుంచి 18 దాకా ఉంటుంది. అది తెలియని వాళ్లకు రెండు పుస్తకాలు చూడగానే టెన్షన్ మొదలవుతుంది.

గీతలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: వేడి ఎక్కడ పుడుతోంది? నా దృష్టిలో అసలు కీలకం ఇదే. వేడి పుట్టే చోట్లు మూడు. మొదటిది నేల. ఎండకు నేల వేడెక్కి, తన మీది గాలిని వేడి చేస్తుంది. అందుకే ట్రోపోలో పైకి పోయేకొద్దీ చలి, సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. రెండోది స్ట్రాటోలోని ఓజోన్, అది సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. మూడోది థర్మో ఆవరణం, అక్కడ ఆక్సిజన్, నైట్రోజన్‌లు సూర్యుడి అతి తీవ్ర కిరణాలను పీల్చుకుంటాయి. ఓజోన్‌కూ థర్మోకూ మధ్య ఉన్న మీసోకు చెప్పుకోదగ్గ పొయ్యి లేదు. అందుకే దాని పైఅంచున ఉష్ణోగ్రత −90 డిగ్రీల దాకా పడిపోతుంది. గీత రెండుసార్లు చలివైపు, రెండుసార్లు వేడివైపు ఎందుకు తిరుగుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఓజోన్ దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఓజోన్ దట్టంగా ఉండేది 20–25 కి.మీ. ప్రాంతంలో. స్ట్రాటోలో వెచ్చని చోటు మాత్రం 50 కి.మీ. దగ్గర, ఇంచుమించు సున్నా డిగ్రీలు. ఈ తేడా ఎందుకు? అతినీలలోహిత కిరణాలు పైనుంచి దిగుతాయి కాబట్టి ముందు ఎదురయ్యేది పైనున్న ఓజోనే. అది కొద్దిగానే ఉన్నా చాలు, ఎందుకంటే అక్కడ గాలి పీడనం నేల మీది పీడనంలో సుమారు వెయ్యో వంతు. అంత పలచని గాలిని వేడెక్కించడానికి కొంచెం శక్తి సరిపోతుంది. కింద ఓజోన్ ఎక్కువున్నా, అక్కడికి చేరేసరికి కిరణాలు బలహీనపడతాయి, వేడెక్కించాల్సిన గాలీ ఎక్కువే.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. నేల మీద 15 డిగ్రీలుంటే 10 కి.మీ. ఎత్తున ఎంత? 6.5ను 10తో గుణిస్తే 65, అంటే −50. సరే, 20 కి.మీ. దగ్గర? అదే సూత్రం కొనసాగిస్తే −115 వస్తుంది, అది తప్పు. ప్రామాణిక వాతావరణ నమూనాలో 11 కి.మీ. దగ్గరే తగ్గుదల ఆగిపోతుంది, అక్కడి నుంచి 20 దాకా −56.5 వద్దే నిలబడుతుంది. లెక్క మొదలుపెట్టే ముందు ఆ ఎత్తు ఏ పొరలో ఉందో చూసుకోవాలన్నమాట. ఇదే దారిలో ఇంకో చిక్కుముడీ విడిపోతుంది. ట్రోపో ఆవరణం పైఅంచును ట్రోపోపాజ్ అంటారు, భూమధ్యరేఖ మీది ట్రోపోపాజ్ ధ్రువాల మీదికన్నా చల్లన. నేల మీద 27 డిగ్రీలున్నా, 16 కి.మీ. దాకా తగ్గుతూ పోతే −77కు చేరుతుంది కదా. ధ్రువాల దగ్గర ఆ తగ్గుదల సగం ఎత్తులోనే ఆగిపోతుంది.

పొరలను వాయువుల కూర్పును బట్టి చదవడం మూడో దారి. దీనివల్ల లాభం తక్కువే. 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువ ఆర్గాన్ అనే నిష్పత్తి సుమారు 80–100 కి.మీ. దాకా దాదాపు మారదు. కాబట్టి కింది మూడు పొరలను దీన్నిబట్టి విడదీయలేం. తేడా చూపేవి రెండే: నీటి ఆవిరి దాదాపు అంతా ట్రోపోలో, ఓజోన్‌లో అధిక భాగం స్ట్రాటోలో ఉంటాయి. ఆ ఓజోన్ అయినా, దట్టంగా ఉన్నచోట కూడా, పది లక్షల అణువుల్లో పదికి మించదు.

ఇక పొరల మొదటి అక్షరాలతో అల్లే గుర్తు వాక్యాలు వరుస తప్పకుండా చూస్తాయి, అంతవరకే.

గీతలో నాకు కనిపించే లోపం పై చివర. థర్మోలో 1000 డిగ్రీలు దాటినట్టు చూపిస్తుంది, కానీ అక్కడ థర్మామీటరు పెడితే ఆ అంకె రాదు. ఆ ఉష్ణోగ్రత ఒక్కో అణువు వేగానికి కొలత. అణువులే అరుదు కాబట్టి వాటినుంచి వస్తువుకు చేరే వేడి బహు స్వల్పం. 'థర్మో ఆవరణంలో వ్యోమగామి గాలి వేడికి మాడిపోతాడు, తప్పా ఒప్పా' అని అడిగితే, గీత ఎంత పైకి పోయినా జవాబు 'తప్పు' అనే రాయండి.