ఫోటో సెర్చ్‌తో అడాప్టర్ వెతకడం: రెండేళ్ల వాడకం తర్వాత

మా బంధువుల ఇళ్లలో రిమోట్ పోయినా, అడాప్టర్ కాలిపోయినా ముందు నాకే ఫోటో పంపుతారు. అందుకే ఫోన్‌లోని ఫోటో సెర్చ్‌ను రెండేళ్లుగా గట్టిగా వాడుతున్నాను. పై నుంచి తీసిన ఫోటోతో వస్తువు ఏ కుటుంబానికి చెందిందో బాగానే చెబుతుంది. అడాప్టర్ కొనడానికి మాత్రం అది చాలదు.

ఆ సంగతి నాకు ఒక స్మార్ట్ స్పీకర్‌తో అర్థమైంది. మా పిన్ని సర్దుతుంటే గుండ్రంగా, పైన గుడ్డ చుట్టి ఉన్న చిన్న స్పీకర్ దొరికింది, అడాప్టర్ లేదు. ఆవిడ పంపిన ఫోటోకి 'గూగుల్ హోమ్ మినీ' అని జవాబొచ్చింది. అది 2017లో వచ్చిన మోడల్, మైక్రో యూఎస్‌బీతో 5 వోల్ట్‌లు తీసుకుంటుంది. సరే, పాత ఫోన్ చార్జర్ సరిపోతుందని చెప్పేశాను. తీరా చూస్తే ఆ పిన్ను దూరనే లేదు. స్పీకర్‌ని తిప్పి మళ్లీ ఫోటో తీయమన్నాను. అడుగున గోడకు తగిలించుకునే రంధ్రం ఉంది, పవర్ పెట్టే చోటు గుండ్రంగా ఉంది. అంటే అది 2019లో వచ్చిన నెస్ట్ మినీ! దానికి 14 వోల్ట్‌లు, 1.1 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. పై నుంచి చూస్తే ఈ రెండూ అచ్చం కవలలే.

అప్పటి నుంచి పై ఫోటోతో పాటు అడుగున ఉన్న అక్షరాలు, పవర్ పెట్టే చోటు కూడా దగ్గరగా తీసి పంపమంటున్నాను. అక్షరాలు మరీ చిన్నవైతే టార్చ్ వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుంటే చదవొచ్చు.

సెట్-టాప్ బాక్సుల్లో ఇంకో చిక్కుంది. బాక్సు లేబుల్ మీద 12 వోల్ట్‌లు, 1.5 ఆంపియర్లు అని ఉంటే అడాప్టర్ వోల్ట్‌లు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు. ప్లస్, మైనస్ చూపించే చిన్న గుండ్రటి బొమ్మ కూడా రెండింటి మీదా ఒకేలా ఉండాలి. ఇవన్నీ కలిసినా పిన్ను దగ్గర తేడా రావచ్చు. బయట 5.5 మిల్లీమీటర్లే ఉన్నా లోపలి రంధ్రం 2.1 గానీ 2.5 గానీ ఉంటుంది. 2.1 కావలసిన చోట 2.5 పెడితే లోపలికి వెళ్తుంది కానీ వదులుగా ఉండి, వైరు కదిలితే చాలు బాక్సు రీస్టార్ట్ అవుతుంది. నేను నెల రోజులు బాక్సే పాడైందనుకున్నాను. ఈ తేడా ఏ ఫోటోలోనూ కనిపించదు.

రిమోట్‌కైతే బాక్సు ఫోటో కన్నా పాత రిమోట్ ఫోటోనే ఎక్కువ పనికొచ్చింది. బటన్ల వరస మొత్తం కలిసినదే తీసుకుంటాను. పాతది దొరికితే దాని ముందు భాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కుతాను. కెమెరాలో వెలుగు మినుకుమంటే అది ఇన్‌ఫ్రారెడ్ రిమోట్, ఇంకా పని చేస్తోందని తెలుస్తుంది. వెలుగు రాకపోతే బ్యాటరీలు మార్చి చూస్తాను. అప్పటికీ రాకపోతే అది బ్లూటూత్‌దైనా అయ్యుండొచ్చు. అలాంటిదైతే కొత్త రిమోట్‌ను బాక్సుతో పెయిర్ చేయాలి.