పట్టుకోకుండానే లాగే బటన్: ఎడమ చేతి ట్రాక్‌బాల్‌తో మూడేళ్లు

మౌస్‌కి బదులు నేను వాడేది ట్రాక్‌బాల్, దాని మీదున్న పెద్ద బంతిని వేళ్లతో తిప్పితే పాయింటర్ కదులుతుంది. దాని గురించి నేను చెప్పాలనుకున్నదంతా ఒక్క బటన్ చుట్టూనే తిరుగుతుంది. కుడివైపు పైన ఉండే బటన్ అది. ఒకసారి నొక్కి వదిలేస్తే చాలు, మామూలు క్లిక్‌ని ఎవరో నా బదులు నొక్కి పట్టుకున్నట్టే ఉంటుంది. బంతిని తిప్పుతూ ఫైల్‌ని కావాల్సిన ఫోల్డర్ దాకా తీసుకెళ్లి, మళ్లీ ఒకసారి నొక్కితే అక్కడ వదిలేస్తుంది. దీన్ని డ్రాగ్ లాక్ అంటారు. మూడేళ్లయినా, నాలుగు పేరాలు ఒక్క ఊపులో సెలెక్ట్ చేసినప్పుడల్లా ప్రాణం హాయిగా ఉంటుంది.

అంత హాయి ఎందుకో చెప్పాలి. మణికట్టు దగ్గర నరం దెబ్బతిని నా కుడి చేతికి పట్టు పోయింది. ఎడమ చేతికి మారాను కానీ, ఆ చేతి బొటనవేలి మొదట్లో కీలు నొప్పి పాతదే. మౌస్‌తో క్లిక్ చేయడం నాకు ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. బటన్‌ని నొక్కి పట్టుకుని, అదే చేత్తో మౌస్‌ని జరపడమే కష్టం. మధ్యలో వేలు సడలేది, ఫైల్ ఏదో ఒక ఫోల్డర్‌లో పడేది, దాన్ని వెతుక్కోవడానికి పది నిమిషాలు పట్టేది.

విండోస్‌లో ఇలాంటి సదుపాయం ముందే ఉంది. Win+R నొక్కి `main.cpl` అని కొడితే వచ్చే పెట్టెలో, Buttons కింద ClickLock అని కనిపిస్తుంది. ట్రాక్‌బాల్ కొనకముందు కొన్ని నెలలు దాంతోనే నెట్టుకొచ్చాను. బటన్‌ని కాసేపు నొక్కి ఉంచితే లాక్ అవుతుంది. ఆ కాసేపు ఎంతో స్లైడర్‌తో మనమే పెట్టుకోవచ్చు. ఎక్కువ పెడితే అంతసేపు నొక్కి ఉంచలేకపోయాను. తక్కువ పెడితే ఇంకో చిక్కు. నా వేలు నెమ్మదిగా లేస్తుంది కాబట్టి మామూలు క్లిక్‌లు కూడా లాక్ అయిపోయేవి. మౌస్ కదిపితే చాలు, తెర మీద అక్షరాలన్నీ నీలంగా మారిపోయేవి. చకచకా నొక్కి వదలగలిగే వాళ్లకి ClickLock బాగానే పనిచేస్తుంది. నాకు విడిగా ఒక బటనే కావాల్సి వచ్చింది.

మొదటి ఏడాది చూసిన వాళ్లందరికీ దీన్ని కొనుక్కోమని చెప్పాను. అప్పుడు నా అమరిక వేరు. ఎడమ చేతిని బంతి మీద పెడితే బొటనవేలు కుడివైపు బటన్ల మీదకి వస్తుంది. అందుకని కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో కింది రెండు బటన్లనీ తారుమారు చేసి, మామూలు క్లిక్‌ని బొటనవేలికి ఇచ్చాను. డ్రాగ్ లాక్ కూడా బొటనవేలికే. అప్పట్లో సుఖంగానే అనిపించింది. అప్పుడు చెప్పిన దాంట్లో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

రెండో ఏడాది ఒక ఉదయం ఆ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యి, నేను పెట్టుకున్న అమరికంతా పోయింది. అది నాకు తెలియదు. బ్రౌజర్‌లో పొడుగాటి దరఖాస్తు ఒకటి నింపుతున్నాను. ఒక వాక్యం సెలెక్ట్ చేద్దామని డ్రాగ్ లాక్ నొక్కాను. అప్పటికి ఆ బటన్ తన అసలు పనికి, అంటే వెనకటి పేజీకి వెళ్లడానికి, మారిపోయి ఉంది. పేజీ వెనక్కి పోయింది, గంటన్నర టైపింగ్ పోయింది. ఒంటి చేత్తో, ఆగి ఆగి కొట్టిన గంటన్నర అది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కంగారులో ఇంకో పొరపాటు చేశాను. బొటనవేలి కింద మామూలు క్లిక్‌కి బదులు కుడి క్లిక్ మెనూ తెరుచుకుంటోందని, విండోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి Primary mouse button ని Right కి మార్చాను. క్లిక్ సరిపోయింది. సాయంత్రం సాఫ్ట్‌వేర్‌లో పాత అమరికని మళ్లీ పెట్టాను. వెంటనే బొటనవేలి కింద మళ్లీ మెనూ! బటన్ స్విచ్ పాడైపోయిందనే అనుకున్నాను. అసలు జరిగింది వేరు. సాఫ్ట్‌వేర్ ఒకసారి తిప్పింది, దాని మీద విండోస్ ఇంకోసారి తిప్పింది. రెండు తిప్పుళ్లూ కలిసి బటన్లని మొదటి చోటికే తెచ్చాయి. పైగా విండోస్ మార్పు నా అకౌంట్‌లో తగిలించిన ప్రతి మౌస్‌కీ వర్తిస్తుంది. అదే కంప్యూటర్ మీద మా అబ్బాయి వాడే మామూలు మౌస్ కూడా తలకిందులైంది. నిజానికి నాకు అనుమానం వచ్చింది వాడు అరిచాకే.

మీకూ ఇలాంటి తికమక వస్తే కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఒక్క వరుస కొట్టి చూడండి:

```
reg query "HKCU\Control Panel\Mouse" /v SwapMouseButtons
```

1 వస్తే విండోస్ తిప్పుతోందని అర్థం, 0 వస్తే లేదు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా మూసేసి క్లిక్ చేయండి. బటన్ పని మారితే అది కూడా తిప్పుతోందన్న మాట. రెండిట్లో ఒక్క చోటే తిప్పాలి. నాకు 1 వచ్చింది, విండోస్‌లో వెనక్కి మార్చాను, అంతటితో సర్దుకుంది.

సాఫ్ట్‌వేర్‌లో తిప్పడానికి ఒక హద్దు ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే సైన్-ఇన్ తెర దగ్గర అది ఇంకా మొదలై ఉండదు. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మసకబారి అనుమతి అడుగుతుంది కదా, అక్కడా సాధారణంగా దాని మాట చెల్లదు. ఏడాది పాటు నేను అక్కడ కీబోర్డ్‌లో Tab, Enter కొట్టుకుంటూ గడిపాను. అమరికని తన మెమరీలోనే దాచుకునే ట్రాక్‌బాల్‌లు ఉన్నాయి, వాటికి ఈ బాధ ఉండదు. నాది ఆ రకం కాదు.

ఆ దెబ్బ తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, నేను అసలు తిప్పాల్సిన అవసరమే లేదు. రోజంతా క్లిక్‌లన్నీ బొటనవేలి మీదే పడి దాని నొప్పి అప్పటికే పెరిగింది. ఎడమ చేయి పెట్టినప్పుడు ఉంగరపు వేలు కింది ఎడమ బటన్ అంచు మీద ఉంటుంది. కంపెనీ మామూలు క్లిక్‌ని పెట్టింది సరిగ్గా అక్కడే. అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది, మొదట్లో ఉంగరపు వేలు బాగా అలిసిపోయేది. ఇప్పుడు అదే నా క్లిక్ వేలు. మెనూ, డ్రాగ్ లాక్ బొటనవేలికి మిగిలాయి, రెండూ తేలికగా తట్టే పనులే. సైన్-ఇన్ తెర, అనుమతి తెర, మా అబ్బాయి మౌస్, అన్నీ ఇక మామూలే.

సాఫ్ట్‌వేర్ మళ్లీ మొరాయిస్తే ఇప్పుడు పోయేది డ్రాగ్ లాక్ ఒక్కటే. దానికీ ఒక దారి పెట్టుకున్నాను. ఎడమ Alt, ఎడమ Shift, Num Lock కలిపి నొక్కితే విండోస్‌లో Mouse Keys మొదలవుతుంది. నంబర్ ప్యాడ్‌లో 0 నొక్కితే క్లిక్ పట్టుకుని ఉంటుంది, చుక్క నొక్కితే వదులుతుంది. మధ్యలో బంతిని తిప్పుకోవచ్చు.

డ్రాగ్ లాక్ పడి ఉందని మర్చిపోవడం మాత్రం ఇప్పటికీ జరుగుతుంది. ఫైల్ వెంటపడి వస్తుంటే Esc కొడితే ఆగిపోతుంది, ఎక్కడో పడిపోయాక అయితే Ctrl+Z. బంతి కింద మూడు చిన్న గింజల్లాంటివి ఉంటాయి, వాటికి మురికి పడితే పాయింటర్ ఆగి ఆగి కదులుతుంది. రెండు వారాలకోసారి తుడుస్తాను. బంతిని పైకి తీయడానికి మాత్రం ఇంకో చేయి సాయం కావాలి.

నా చేతికి ఇది కుదిరింది, ఎందుకంటే నా ఎడమ చేతి వేళ్లు బాగానే కదులుతాయి, నొప్పంతా బొటనవేలిదే. వేళ్లు వణికే వాళ్లకి ఇంత పెద్ద బంతి మీద పాయింటర్ నిలుస్తుందో లేదో నేను చెప్పలేను. ఉంగరపు వేలు బలహీనంగా ఉన్నవాళ్లకైతే నా అమరిక పనికిరాదు, వాళ్లకి క్లిక్‌ని కాలి పెడల్‌కి ఇవ్వడం మేలు కావచ్చు. కొనేముందు వీలైతే మీ చేతిని దాని మీద పది నిమిషాలు ఊరికే పెట్టి ఉంచండి. ఏ వేలు ఏ బటన్ మీదకి దానంతటది వస్తుందో చూసుకుని, ఆ తర్వాతే సెట్టింగ్స్ తెరవండి.