డయాబ్లో 2: ఎతీరియల్ ఆయుధమా, మామూలుదా? ఏది మేలు?

"అన్నా, ఎతీరియల్ బెర్సర్కర్ యాక్స్ దొరికింది, గ్రీఫ్ పెట్టనా?" అనే ప్రశ్న కొద్ది మార్పులతో నాకు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఆయుధం రంగు చూసి నిర్ణయించుకునేవాళ్ళు ఎక్కువ. బంగారు రంగు పేరుంటే యూనీక్ కాబట్టి గొప్పదని, బూడిద రంగుదైతే అమ్మేయొచ్చని అనుకుంటారు. కానీ ఈ ఆటలో చివరిదాకా చేతిలో ఉండే ఆయుధాలు చాలావరకు ఆ బూడిద రంగు వస్తువుల సాకెట్లలో, అంటే గుంటల్లో, రూన్లనే రాళ్ళు వరుసగా పెట్టి చేసుకున్న రూన్‌వర్డ్‌లే. గ్రీఫ్ కూడా అలాంటిదే. నా దృష్టిలో రంగు కంటే ముందు చూడాల్సింది ఆ ఆయుధం ఎవరి చేతిలో అరుగుతుందన్నది.

ఆయుధానికి ఎతీరియల్ అనే గుణం వస్తే బేస్ డ్యామేజ్ యాభై శాతం పెరుగుతుంది, డ్యూరబిలిటీ దాదాపు సగమవుతుంది, రిపేర్ అనేదే ఉండదు. కమ్మరి చార్సీ దగ్గరికి వెళ్ళినా, లార్జుక్ దగ్గరికి వెళ్ళినా, క్యూబులో ఓర్ట్ రూన్ వేసినా బాగవదు. బెర్సర్కర్ యాక్స్ డ్యూరబిలిటీ మామూలుగా 26, ఎతీరియల్ అయితే 14. అది సున్నాకి వచ్చాక గొడ్డలి మీ దగ్గరే ఉంటుంది గానీ వాడటానికి పనికిరాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మామూలు బెర్సర్కర్ యాక్స్ బేస్ డ్యామేజ్ 24–71, ఎతీరియల్‌ది 36–106. ఇందులో బ్రెత్ ఆఫ్ ద డయింగ్ అనే రూన్‌వర్డ్ చేస్తే డ్యామేజ్ శాతం లెక్కన పెరుగుతుంది. 400 శాతం పడిందనుకుంటే మామూలు గొడ్డలి 120–355 కొడుతుంది, ఎతీరియల్‌ది 180–530 కొడుతుంది. సగటున సగానికి సగం ఎక్కువ. పైగా ఆ రూన్‌వర్డ్‌లో జాడ్ అనే రూన్ ఉంది, అది ఆయుధాన్ని అరగకుండా చేస్తుంది. అందుకే దీనికి ఎతీరియల్ బేస్ వెతకడం న్యాయమే. ఇక్కడ రిపేర్ ఖర్చంతా ముందే జాడ్ రూపంలో కట్టేసినట్టు లెక్క. జాడ్ దొరకడం ఎంత కష్టమో ఆడేవాళ్ళకు తెలుసు.

గ్రీఫ్ అలా కాదు. అది శాతం ఇవ్వదు, నేరుగా 340 నుంచి 400 వరకు డ్యామేజ్ కలుపుతుంది. 400 పడిందనుకుంటే మామూలు గొడ్డలిలో 424–471, ఎతీరియల్‌లో 436–506. సగటున చూస్తే తేడా ఐదు శాతం దాకా మాత్రమే. ఆ ఐదు శాతం కోసం రిపేర్ కాని ఆయుధంలో 'లో' అనే రూన్ పెట్టి, 14 డ్యూరబిలిటీ ఎప్పుడు అయిపోతుందో అని టెన్షన్ పడుతూ ఆడాలి. అది నాకు ఏమాత్రం నచ్చని బేరం. అడిగినవాళ్ళందరికీ నా జవాబు ఒకటే: గ్రీఫ్ ఎతీరియల్‌లో వద్దు.

నేనైతే గ్రీఫ్‌ని ఫేజ్ బ్లేడ్‌లో పెడతాను. దాని బేస్ 31–35 మాత్రమే, కానీ కలిసే 400 ముందు ఆ తక్కువ లెక్కలోకి రాదు. అది పుట్టుకతోనే అరగని కత్తి, అందుకే ఎతీరియల్‌గా రాదు, రిపేర్‌కు పైసా పెట్టక్కర్లేదు. వేగమూ ఎక్కువే, బలం 25 ఉంటే చాలు. డెక్స్‌టెరిటీ మాత్రం 136 కావాలి, అది కొన్ని బిల్డ్‌లకు బరువే. సరిగ్గా ఐదు సాకెట్లున్నది వెతకాలన్న సంగతి మరిచిపోకండి.

మరి ఎతీరియల్ ఆయుధాలు ఎవరికి? మెర్సినరీకి, అంటే మీ వెంట వచ్చే కూలి యోధుడికి. అతని చేతిలో ఏదీ అరగదు కాబట్టి ఎతీరియల్ నష్టం మాయమై లాభం మాత్రమే మిగులుతుంది. యాక్ట్ 2 మెర్క్‌కు థ్రెషర్ తీసుకోండి: మామూలుది 12–141, ఎతీరియల్‌ది 18–211. అందులో నాలుగు సాకెట్లుంటే ఇన్‌సైట్ రూన్‌వర్డ్, స్తోమత ఉంటే ఇన్ఫినిటీ. రీపర్స్ టోల్ ఎతీరియల్‌గా దొరికినా నేరుగా అతనికే ఇచ్చేయండి. మీ చేతిలో అయితే దానికి సాకెట్ వేయించి, జాడ్ పెట్టాలి, ఒక్క యూనీక్ కోసం అంత పెట్టడం నాకు దండగనిపిస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సెట్ ఆయుధాలు ఎతీరియల్‌గా రావు, ఆ గొడవే లేదు. టైటన్స్ రివెంజ్ లాంటి విసిరే ఆయుధాలు ఎతీరియల్ అయినా వాటి సంఖ్య దానంతటదే నిండుతుంది కాబట్టి జావలిన్ అమెజాన్‌లు ధైర్యంగా వాడొచ్చు, దగ్గరికెళ్ళి పొడవకుండా ఉంటే సరి. 'రిపేర్స్ డ్యూరబిలిటీ' అని రాసి ఉన్న ఎతీరియల్ ఆయుధం దొరికితే అదీ మంచిదే. మామూలు ఆయుధాల రిపేర్ బంగారం గురించి మాత్రం నార్మల్ స్థాయి దాటాక పెద్దగా ఆలోచించను. స్పెల్ చార్జీలున్న ఆయుధాలు మాత్రం మినహాయింపు, వాటిని నింపడానికి అడిగే మొత్తం చూశాక ఊరికే చార్జీ స్పెల్స్ వాడటం మానేస్తారు.