అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేశాక రాజీయా, విచారణా: ఏది మేలు?

పని చేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టాన్ని ఆఫీసుల్లో అందరూ పోష్ చట్టం అంటారు. పది మంది అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి కార్యాలయంలో, ప్రతి బ్రాంచిలో అంతర్గత కమిటీ ఉండాలని అది చెబుతుంది. ఫిర్యాదు అందిన తొలి వారంలోనే బాధితురాలి ముందు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి 10వ సెక్షన్ కింద రాజీ, రెండోది 11వ సెక్షన్ కింద విచారణ. రాజీ అయితే త్వరగా, గొడవ లేకుండా తేలిపోతుందని హెచ్ఆర్ వాళ్లు సాధారణంగా చెబుతారు. అది సగమే నిజం.

ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్ శివారులోని ఒక మందుల కంపెనీలో 140 మంది పని చేస్తున్నారు. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఒక అనలిస్టుకు సెక్షన్ ఇన్‌ఛార్జి నాలుగు నెలలుగా రాత్రిళ్లు వాట్సాప్ సందేశాలు పంపుతున్నాడు. ఒంటి గురించి వ్యాఖ్యలు, బయట కలుద్దామన్న ఒత్తిడి, ఒప్పుకోకపోతే అప్రైజల్ తన చేతిలోనే ఉందన్న సూచన. ఆఖరి సందేశం 2026 జనవరి 5న వచ్చింది. ఆఖరి ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి కాబట్టి ఏప్రిల్ మొదటి వారం దాకా ఆమెకు గడువుంది. తగిన కారణముంటే, దాన్ని కాగితం మీద రాసి, కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆమె ఫిబ్రవరి 2న ఇచ్చింది. ఫిర్యాదు ఆరు ప్రతులు, దానికి స్క్రీన్‌షాట్లు, సాక్షుల పేర్లు, చిరునామాలు జతచేసింది.

మొదట రాజీ సంగతి. అది బాధితురాలు కోరితేనే, అదీ విచారణ మొదలుకాక ముందే జరగాలి. కమిటీ తనంతట తాను ప్రతిపాదించడం, మేనేజరు పిలిచి నచ్చజెప్పడం చట్టం చెప్పిన రాజీ కాదు. డబ్బు ఆధారంగా ఒప్పందం కుదర్చకూడదు. కుదిరిన షరతులను కమిటీ రాసి యాజమాన్యానికి పంపాలి, ప్రతులు ఇద్దరికీ ఇవ్వాలి. ఆ తర్వాత ఆ ఫిర్యాదుపై విచారణ ఉండదు. అవతలి వ్యక్తి షరతు తప్పాడని ఆమె తెలియజేస్తేనే కమిటీ మళ్లీ విచారణకు వెళ్తుంది.

అసలు చిక్కు కాలం దగ్గర వస్తుంది. విచారణకు ప్రతి దశలోనూ గడువుంది, రాజీకి చట్టంలో ఏ గడువూ లేదు. కంపెనీ పాలసీలో 'రాజీ ప్రయత్నం 15 రోజుల్లో ముగియాలి, లేకుంటే నేరుగా విచారణ' అని ఒక్క వాక్యం రాసి ఉండకపోతే 'మాట్లాడుతున్నాం' అంటూనే రెండు నెలలు గడిచిపోతాయి. అన్నాళ్లూ అదే ఇన్‌ఛార్జి ఆమె షిఫ్టు రోస్టరు వేస్తూ ఉంటాడు.

రెండో చిక్కు దీనికన్నా పెద్దది, చాలామంది గమనించనిది. 12వ సెక్షన్ కింద దొరికే మధ్యంతర ఊరట, అంటే ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి బదిలీ చేయడం, ఆమెకు ఉన్న సెలవులకు అదనంగా మూడు నెలల దాకా సెలవు ఇవ్వడం, ఆమె పనితీరుపై అతను నివేదిక రాయకుండా ఆపడం, ఇవన్నీ 'విచారణ సాగుతున్న కాలంలో' అని చట్టంలో రాసి ఉంది. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు వీటిని అడగడానికి ఆ సెక్షన్ ఆధారం దొరకదు. యాజమాన్యం తనంతట తాను ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. మన ఉదాహరణలో అప్రైజల్ మార్చిలో ఉంది. రాజీ కోసం ఆగితే ఆ అప్రైజల్ అతని చేతుల మీదుగానే జరిగిపోతుంది.

ఇప్పుడు విచారణ దారిలో అదే కేసు ఎలా నడుస్తుందో చూడండి. ఫిర్యాదు అందిన ఏడు పనిదినాల్లో కమిటీ ఒక ప్రతిని ప్రతివాదికి పంపాలి. శని, ఆదివారాలు సెలవనుకుంటే అది ఫిబ్రవరి 11. అతను అందుకున్న పది పనిదినాల్లో, అంటే ఫిబ్రవరి 25 లోపు, జవాబును తన పత్రాలతో, సాక్షుల పేర్లతో ఇవ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఫిర్యాదు తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం, అలా చూస్తే మే 3. ముగిసిన పది రోజుల్లో, మే 13 నాటికి, నివేదిక యాజమాన్యానికి వెళ్లాలి, ఇద్దరికీ అందాలి. నివేదిక అందిన 60 రోజుల్లో, జూలై 12 లోపు, యాజమాన్యం చర్య తీసుకోవాలి. సిఫార్సు మీద అప్పీలుకు నివేదిక తేదీ నుంచి 90 రోజులు, అంటే ఆగస్టు 11 దాకా. అన్నీ చివరి రోజు దాకా లాగినా ఫిర్యాదు నుంచి చర్య వరకు 160 రోజులు. మధ్యంతర ఊరట కోసం ఆమె విడిగా ఒక రాతపూర్వక విన్నపం ఇవ్వాలి. ఫిర్యాదుతోనే దాన్నీ ఇచ్చేస్తే మార్చి అప్రైజల్‌ను వేరొకరికి అప్పగించమని కమిటీ సిఫార్సు చేసేందుకు సమయం మిగులుతుంది.

ఆరోపణ రుజువైతే కమిటీ సిఫార్సు చేయగలిగేవి: రాతపూర్వక క్షమాపణ, హెచ్చరిక, ప్రమోషన్ లేదా ఇంక్రిమెంటు నిలుపుదల, ఉద్యోగం నుంచి తొలగింపు, కౌన్సెలింగ్. అతని జీతంలో కోసి ఆమెకు పరిహారం ఇప్పించవచ్చు కూడా. ఆమె పడిన మనోవేదన, కోల్పోయిన అవకాశం, వైద్య ఖర్చు, అతని ఆర్థిక స్థితి చూసి ఆ మొత్తం నిర్ణయిస్తారు. రాజీలో పరిహారానికి తావే లేదు.

విచారణ దెబ్బతినేది ఎక్కువగా తొందర వల్లా, కొరత వల్లా. హియరింగ్‌కు అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులు కూర్చోవాలి. ఇద్దరే ఉన్న రోజు వాంగ్మూలం తీసుకుంటే తర్వాత అప్పీలులో అదే మొదటి అభ్యంతరం అవుతుంది. ఎవరి తరఫునా లాయరును అనుమతించకూడదు. ప్రతివాది సరైన కారణం లేకుండా వరసగా మూడు హియరింగులకు రాకపోతే ఏకపక్షంగా తేల్చవచ్చు, కానీ అందుకు 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు తప్పనిసరి. గోవా విశ్వవిద్యాలయ అధ్యాపకుడిపై 2009లో వచ్చిన ఫిర్యాదుల కేసులో విచారణ హడావుడిగా సాగిందని, తన వాదన చెప్పుకోవడానికి అతనికి తగిన అవకాశం ఇవ్వలేదని 2023 మేలో సుప్రీంకోర్టు తొలగింపు ఉత్తర్వును కొట్టేసి, వ్యవహారాన్ని తిరిగి కమిటీకి పంపింది. పద్నాలుగేళ్ల తర్వాత ఫిర్యాదుదారులు మళ్లీ కమిటీ ముందుకే వచ్చారు. అందుకే ప్రతివాదికి ఆధారాల ప్రతులు ఇవ్వడం, అతని ప్రశ్నలను రాతలో తీసుకుని కమిటీ ద్వారా సాక్షులను అడగడం అతనికి చేసే మేలు అనుకోవద్దు. ఆమె గెలుపు నిలబడేది దాని మీదే.

గోప్యత విషయంలో రాజీదే పైచేయి అని అనుకుంటారు. 16వ సెక్షన్ రెండింటికీ ఒకటే. ఫిర్యాదులోని విషయాలు, ఇద్దరి వివరాలు, సాక్షుల వివరాలు, రాజీ లేదా విచారణ వివరాలు, సిఫార్సులు, తీసుకున్న చర్య, ఏదీ బయటపెట్టకూడదు. సమాచార హక్కు కింద అడిగినా ఇవ్వకూడదు. ఈ వ్యవహారం చూసే వారెవరైనా తప్పితే 5,000 రూపాయల జరిమానా. బాధితురాలి వివరాలు రాకుండా న్యాయం జరిగిందన్న సంగతి మాత్రం చెప్పవచ్చు. అయితే గోప్యత అంటే ప్రతివాదికీ తెలియకుండా ఉంచడం కాదు, అతనికి ఫిర్యాదు ప్రతి అందాల్సిందే. నిజానికి గుట్టు రట్టయ్యేది చిన్న చిన్న చోట్ల. ఐటీ విభాగం కూడా తెరవగలిగే ఉమ్మడి మెయిల్‌బాక్సు, అందరికీ కనిపించే క్యాలెండర్లో 'పోష్ హియరింగ్' అన్న పేరు, గాజు గోడల మీటింగ్ రూము, ప్రింటరు దగ్గర మరిచిపోయిన ప్రతి. ప్రతి కాగితానికీ నంబరు వేసి, ఎవరికి ఏ నంబరు ఇచ్చారో రిజిస్టరులో రాస్తే ఏ ప్రతి బయటికొచ్చిందో పట్టుకోవచ్చు.

రాజీ ఎప్పుడు సరైనది? ఒకే ఒక్క సారి మాట జారిన సందర్భంలో, అతని చేతిలో ఆమె రోస్టరుగానీ అప్రైజల్‌గానీ లేనప్పుడు, ఆమెకు కావలసింది అది మళ్లీ జరగకపోవడమే అయినప్పుడు. అప్పుడు కూడా 'ఇకపై మర్యాదగా ప్రవర్తిస్తాను' అని రాసుకుంటే లాభం లేదు. ఉల్లంఘించాడో లేదో కొలవగలిగేలా షరతులుండాలి. ఫలానా తేదీ లోపు రాతపూర్వక క్షమాపణ, ఆఫీసు మెయిల్ తప్ప మరే మార్గంలోనూ సందేశాలు పంపకపోవడం, 30 రోజులకు, 90 రోజులకు కమిటీ ఆమెను అడిగి నమోదు చేసుకోవడం, తప్పితే ఆ రోజు నుంచే విచారణ. మన ల్యాబ్ కేసుకు ఈ మూడు లక్షణాలూ సరిపోవు. నాలుగు నెలల వరస ఉంది, అధికారం ఉంది, బెదిరింపు ఉంది. అక్కడ విచారణే మేలు.

భయం మాత్రం ఒకటి మిగులుతుంది: రుజువు చేయలేకపోతే తిరిగి నా మీదే చర్య తీసుకుంటారా? రుజువు చేయలేకపోవడం ఒక్కటే 14వ సెక్షన్ కింద తప్పు కాదు. దురుద్దేశంతో ఫిర్యాదు చేశారనో, అబద్ధమని తెలిసే చేశారనో, నకిలీ పత్రాలు పెట్టారనో విచారణలో తేలితేనే చర్య.

ఒకవేళ వేధించినవాడు యజమానే అయితే, లేక ఉద్యోగులు పది మందికి తక్కువైతే, ఈ పోలికే వర్తించదు. అప్పుడు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. మండలంలో నోడల్ అధికారికి ఇచ్చినా ఏడు రోజుల్లో అది అక్కడికి చేరాలి. అక్కడా రాజీ, విచారణ రెండూ ఉంటాయి, నియమాలు అవే.

పోలీసు ఫిర్యాదు వీటికి ప్రత్యామ్నాయం కాదు, పక్కనే నడిచేది. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ ప్రకారం అవాంఛిత స్పర్శకు, లైంగిక కోరికలు తీర్చమన్న డిమాండుకు మూడేళ్ల దాకా కఠిన జైలు, లైంగిక వ్యాఖ్యలకు ఏడాది దాకా జైలు. అక్కడ రుజువు ప్రమాణం ఎక్కువ, కాలం ఎక్కువ, కమిటీలో ఉన్నంత గోప్యత ఉండదు. అప్రైజల్ మార్చడం, సెలవు ఇప్పించడం పోలీసుల చేతిలో లేదు. ఆమె పోలీసుల దగ్గరకు వెళ్తానంటే యాజమాన్యం సాయం చేయాలని 19వ సెక్షన్ చెబుతుంది. 'ముందు కమిటీ తేల్చనివ్వండి, తర్వాత చూద్దాం' అనే హక్కు యాజమాన్యానికి లేదు. తాకిన ఘటన ఉంటే రెండూ ఒకేసారి మొదలుపెట్టడం మంచిది. సందేశాలు మాత్రమే ఉంటే కమిటీ విచారణతో మొదలుపెట్టి, ఫోనులోని అసలు సందేశాలను చెరపకుండా ఉంచుకోవాలి. స్క్రీన్‌షాట్ తీసి ఫోను మార్చేసిన చోట, అవి మార్చినవని ప్రతివాది అనడానికి వీలు చిక్కుతుంది.