ఎయిర్ ఫ్రయర్‌లో చికెన్ రెక్కలు: నేరుగా 200 డిగ్రీలా, రెండు మెట్లలోనా?

ఎయిర్ ఫ్రయర్ కొన్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. చికెన్ రెక్కలను మొదటి నుంచీ 200 డిగ్రీల వేడి మీదే వేయించాలా, లేక 180 దగ్గర మొదలుపెట్టి చివర్లో 200కు పెంచాలా? నల్గొండలో మా వీధివాళ్ళు అడిగారు, మహబూబ్‌నగర్ నుంచి మా చిన్నమ్మ ఫోను చేసి మరీ అడిగింది. నా ఓటు రెండు మెట్ల పద్ధతికే. అయితే తోలు మెత్తగా, రబ్బరులా వచ్చిందని వాపోయేవాళ్ళను కాస్త నిలదీస్తే సంగతి వేరేగా తేలుతుంది. రెక్కలు కడిగి, మసాలా పట్టించి, నీళ్ళు కారుతుండగానే బుట్టలో వేసి ఉంటారు. అలా వేస్తే ఏ వేడి పెట్టినా ఫలితం ఇంచుమించు ఒక్కటే. కాబట్టి ముందు తడి లెక్క చూసి, తర్వాత వేడి దగ్గరికి వద్దాం.

తోలు మీద నీళ్ళు ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. యంత్రం మీద 200 అని కనిపిస్తున్నా, ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. తోలు ఎర్రబడి కరకరలాడాలంటే దాని ఉపరితలం 140 డిగ్రీలు దాటాలి. తడి రెక్కల్లో ఆ ఘడియ వచ్చేసరికి లోపలి మాంసం ఉడికిపోయి ఉంటుంది, తోలు మాత్రం ఇంకా పాలిపోయే ఉంటుంది. అప్పుడు రంగు కోసం మరికాసేపు ఉంచితే సన్నటి ముక్కలు ఎండిపోతాయి.

తడి తీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కాగితపు టిష్యూతోనో శుభ్రమైన నూలుబట్టతోనో ఒత్తి తుడవడం. రెండోది, తుడిచాక ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఆరబెట్టడం.

తుడవడం అంటే పైపైన రుద్దడం కాదు. రెక్కను చాపి చూడండి. రెండు కీళ్ళ మధ్య పల్చటి తోలు మడత ఒకటి ఉంటుంది. నీళ్ళన్నీ దాక్కునేది అక్కడే. వేగాక మెత్తగా మిగిలేదీ అక్కడే. ఆ మడతను విప్పి, లోపల టిష్యూ పెట్టి ఒత్తాలి. చివరికి వేసిన టిష్యూ దాదాపు పొడిగా బయటికి వచ్చిందంటే తుడవడం పూర్తయినట్టు. బట్ట వాడితే దాన్ని మళ్ళీ దేనికీ వాడకుండా మరిగే నీళ్ళలో వేసి ఉతకాలి. ఇక కడగడం గురించి. పచ్చి కోడిని కుళాయి కింద కడిగితే సూక్ష్మక్రిములు తుంపరలతో పాటు సింకు చుట్టూ పడతాయని, కడగకపోయినా ఉడికినప్పుడు అవి ఎలాగూ చస్తాయని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. పసుపు, ఉప్పు వేసి కడగనిదే మన ఇళ్ళలో చికెన్ పొయ్యి ఎక్కదన్నది కూడా నిజమే. కడిగి తీరాలనుకుంటే గిన్నెలో నీళ్ళు పోసి నెమ్మదిగా కడగండి. తర్వాత చిల్లుల గిన్నెలో వేసి నీళ్ళు కారనివ్వండి. సింకును, గట్టును సబ్బుతో కడగడం మరవకండి.

ఉప్పుతో ఆరబెట్టడం ఇంతకన్నా బాగా పనిచేస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఉప్పు పడగానే అది లోపలి నీటిని పైకి లాగుతుంది. అరగంటకు చూస్తే రెక్కలు ముందటికన్నా తడిగా కనిపిస్తాయి. కొన్ని గంటలు గడిస్తే ఆ ఉప్పునీటిని మాంసం తిరిగి పీల్చుకుంటుంది, పై తోలును ఫ్రిజ్‌లోని చల్లగాలి ఆరబెడుతుంది. అందుకే ఉప్పు వేస్తే వెంటనే వేయించాలి, లేదా కనీసం ఐదారు గంటలు ఆగాలి. మధ్యలో అరగంటకో ముప్పావుగంటకో తీసి వేయించడమంత చేటు ఇంకోటి లేదు. బాగా ఆరిన తోలు ముట్టుకుంటే వేలికి తడి అంటదు, కాస్త బిగిసి, వెన్న కాగితంలా మసకగా కనిపిస్తుంది. గాలి తిరిగే రెండు తలుపుల ఫ్రిజ్‌లో ఇది త్వరగా అవుతుంది. పాత ఒంటి తలుపు ఫ్రిజ్ అయితే రాత్రంతా ఉంచడం మేలు. పళ్ళెం కింది అరలోనే ఉండాలి. పచ్చి రసం పెరుగు మీదో కూరగాయల మీదో పడకూడదు కదా.

ఫ్రిజ్‌లో చోటు లేదని ఫ్యాను కింద ఆరబెట్టేవాళ్ళూ ఉన్నారు. మన ఎండల్లో ఆ పని వద్దు. పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి ఉండకూడదు. మే నెలలో నల్గొండలో ఫ్యాను కింద కూడా అంతకన్నా వేడిగానే ఉంటుంది.

ఇప్పుడు వేడి సంగతి. నేరుగా 200 పెట్టడంలో ఉన్న సుఖం, పని తొందరగా అయిపోవడం. ఆరిన రెక్కలైతే మధ్యలో ఒకసారి తిప్పి 18 నుంచి 20 నిమిషాల్లో దించేయవచ్చు. చుట్టాలు వచ్చి కూర్చున్నారు, రెక్కలు చిన్నవి, బుట్టలో ఎడంగా పట్టాయి అనుకుంటే అదే చాలు. కానీ రెక్క తోలు కింద కొవ్వు పొర ఉంటుంది. అది కరిగి కారిపోవడానికి కొంత వ్యవధి కావాలి. మొదటి నుంచీ 200 అయితే పైభాగం ముందే ఎర్రబడుతుంది, మనమేమో రంగు చూసి దించేస్తాం. కొరికితే పైన పలుచగా కరకర, కింద జిడ్డుగా, సాగే పొర తగులుతుంది. పైగా కారిన కొవ్వు అడుగున మాడి పొగ లేస్తుంది.

రెండు మెట్లలో 180 దగ్గర ఆ కొవ్వు తీరిగ్గా కరుగుతుంది, తోలులోని గట్టి పీచు మెత్తబడుతుంది, మిగిలిన తడి పోతుంది. 200 చేసే పని రంగు, కరకర తేవడమే. మెట్టు మారేటప్పుడు అడుగున చేరిన కొవ్వును వంపేసే వీలు కూడా ఉంటుంది కాబట్టి పొగ బాధ తగ్గుతుంది. అయిదారు నిమిషాలు ఎక్కువ పట్టినా నేను ఇటే మొగ్గేది ఇందుకే. 120 డిగ్రీలతో మొదలుపెట్టే మూడో పద్ధతి కూడా ఉంది. పెద్ద ఓవెన్‌లో దానికి విలువ ఉందేమో కానీ, ఈ చిన్న బుట్టకు అంత ఓపిక దండగ.

అర కిలో రెక్కలకు లెక్క చెబుతాను. చికెన్ కొట్టులో తోలుతో కావాలని ముందే చెప్పాలి. స్కిన్‌లెస్ రెక్కలకు ఈ వ్యాసంలో ఏ పద్ధతీ పనికిరాదు. అన్నీ రెక్కలే కావాలంటే కొట్టు అతనికి ఒక రోజు ముందు చెబితే పక్కన పెడతాడు. శనివారం నీచు ముట్టని ఇళ్ళవాళ్ళు ఆదివారం పొద్దున్నే తెచ్చి సాయంత్రానికి పెట్టుకోవడం నయం. కొసలు తీసేసి, కీలు దగ్గర రెండు ముక్కలు చేయించండి. ఇంటికి తెచ్చాక తుడిచి, ఒక చెంచా ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం తీసి, తడి కనిపిస్తే మళ్ళీ ఒత్తి, ఒక చెంచా నూనె రాయండి. యంత్రాన్ని మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా వేడి చేసి, ముక్కకు ముక్క తగలకుండా ఒకే వరుసలో పేర్చండి. పట్టకపోతే రెండు వాయిలు వేయాల్సిందే. కుప్పగా పోస్తే ఒకదాని ఆవిరి ఇంకోదాన్ని ఉడికిస్తుంది. 180 దగ్గర 12 నిమిషాలు, తిప్పి ఇంకో 8 నిమిషాలు. కొవ్వు వంపి, 200 దగ్గర 5 నుంచి 7 నిమిషాలు. మొదటి మెట్టు అయ్యేసరికి రెక్కలు పాలిపోయి కనిపిస్తాయి, కంగారు పడకండి.

మా చిన్నమ్మ పేచీ మసాలా దగ్గర. "పెరుగు, అల్లం వెల్లుల్లి లేకుండా అదేం చికెనురా?" అంటుంది. పెరుగులో నానిన ముక్క రుచిగానే ఉంటుంది, కానీ ఆ ముద్ద తోలుకు తడి దుప్పటి. కారప్పొడి 200 దగ్గర నల్లబడి చేదెక్కుతుంది కూడా. చివర్లో వేయడమే దారి. గరిటెడు నూనెలో దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేయించి, పొయ్యి కట్టేశాక కారం, ధనియాల పొడి వేసి, వేడి వేడి రెక్కలను అందులో దొర్లించండి. ఇలా పెడితే చిన్నమ్మ కూడా పళ్ళెం వెనక్కి పంపలేదు.

పిండి పూతల గురించి రెండు ముక్కలు. మొక్కజొన్న పిండి పూస్తే కరకర వస్తుంది, అయితే అది పిండిది, తోలుది కాదు. అర కిలోకు తల కొట్టిన చెంచా బేకింగ్ పౌడర్‌ను ఉప్పుతో కలిపి పట్టిస్తే తోలు త్వరగా ఎర్రబడుతుంది. వంట సోడా దాని బదులు వాడితే సబ్బు రుచి వస్తుంది.

ఉడికిందో లేదో తేల్చడంలో మాత్రం రెండు పద్ధతుల మధ్య తేడా లేదు. కోడిమాంసం లోపల 74 డిగ్రీలు చేరాలి, అది భద్రతకు గీత. రెక్కలకు ఆ గీత దగ్గర ఆగనక్కర్లేదు. కీళ్ళ దగ్గరి నరాలు, పీచు కరగాలంటే 85 నుంచి 90 వరకు పోనిస్తేనే మాంసం ఎముకను సులువుగా వదులుతుంది. రొమ్ము ముక్కయితే అంత వేడికి పొడిబారేది, రెక్క తట్టుకుంటుంది. సూదిమొన థర్మామీటరును భుజం వైపు ఉండే లావు ముక్కలో, ఎముకకు తగలకుండా గుచ్చండి. రెండెముకల పలుచటి ముక్కలో అది సరిగ్గా కుదరదు.

రంగును నమ్ముకోవద్దు. పైన ఎర్రబడినా లోపల పచ్చిగా ఉండవచ్చు, ఫ్రీజర్ నుంచి తీసి పూర్తిగా కరగకుండా వేసిన రెక్కల్లో ఇది మామూలే. పూర్తిగా ఉడికినా ఎముక పక్కన గులాబీ రంగు మిగలవచ్చు. లేత కోళ్ళ ఎముకల్లోని మూలుగ రంగు మాంసంలోకి దిగడమే అందుకు కారణం. థర్మామీటరు లేకపోతే అన్నిటికన్నా లావు ముక్కను ఎముక దాకా కోసి చూడండి. అద్దంలా నిగనిగలాడే పచ్చి మాంసం ఎక్కడా ఉండకూడదు, కీలు తిప్పితే తేలిగ్గా ఊడిరావాలి. అనుమానం ఉంటే అన్నిటినీ ఇంకో మూడు నిమిషాలు వేయించండి, రెక్కలకు నష్టమేమీ లేదు.

గడియారాన్ని కూడా పూర్తిగా నమ్మలేం. సాయంత్రం వోల్టేజీ 230 నుంచి 200కు పడితే 1500 వాట్ల యంత్రం ఇచ్చే వేడి నాలుగో వంతు దాకా తగ్గుతుంది. అలాంటప్పుడు నేను చెప్పిన నిమిషాలు చాలవు. ఇంత వాట్లు లాగే యంత్రాన్ని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు కాకుండా ఫ్రిజ్, గీజర్లకు వాడే పెద్ద ప్లగ్గుకే తగిలించండి.