ఒకే హెడ్‌లైట్‌లో మూడు రకాల బల్బులు: ఆరేళ్ల అనుభవం

మాది కోవూరు. రొయ్యల చెరువుల పని కాబట్టి వారానికి నాలుగైదు రాత్రులు విడవలూరు వైపు వెళ్లి వస్తుంటాను. నా బండికి మామూలు రిఫ్లెక్టర్ హెడ్‌లైటు, హెచ్‌4 బల్బు. ఆరేళ్లలో ఇందులోనే హాలోజన్, జినాన్, ఎల్ఈడీ మూడూ వాడి చూశాను.

మొదట జినాన్ కిట్ వేయించాను. 35 వాట్లకే సుమారు 3,000 ల్యూమెన్లు వస్తాయి, హాలోజన్ డిమ్ లైటుకు వచ్చేది దాదాపు 1,000. స్విచ్ వేశాక పూర్తి వెలుగు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. రోడ్డంతా పట్టపగలులా ఉందని మురిసిపోయాను కానీ, డిమ్‌లో ఉన్నా ఎదురు లారీలవాళ్లు ఆగకుండా లైట్లు కొట్టేవారు.

కారణం గోడ మీద కనిపించింది. ఒక రాత్రి మా గోడౌన్ గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపి డిమ్ లైటు వేశాను. హాలోజన్‌తో గోడ మీద గీత గీసినట్టు వెలుగు ఆగుతుంది, ఎడమ పక్క మాత్రం కాస్త పైకి లేస్తుంది. డిమ్ ఫిలమెంట్ కింద ఉండే చిన్న లోహపు గిన్నె ఆ గీతను తెస్తుంది. రిఫ్లెక్టర్‌ను ఆ సన్నటి ఫిలమెంట్ ఉండే చోటును బట్టే మలుస్తారు. జినాన్ పెట్టేసరికి గీత చెరిగిపోయి, పైన కూడా వెలుగు పరుచుకుంది. మా బావ కారులో కంపెనీ నుంచే జినాన్, ప్రొజెక్టర్ లెన్సుతో వచ్చింది. అందులో గీత కత్తితో కోసినట్టుంటుంది, రంగు 4,300 కెల్విన్ దగ్గర. తప్పు జినాన్‌ది కాదని అప్పుడే అర్థమైంది.

తర్వాత 6,000 కెల్విన్ ఎల్ఈడీ పెట్టాను. చిప్పులు రెండు పక్కలకే ఉంటాయి కాబట్టి కాలర్ తిప్పి, అవి సరిగ్గా కుడి ఎడమలకు చూసేలా బిగించాలి. అలా చేశాక గీత చాలావరకు వచ్చింది. కానీ బండి ముందు పది మీటర్లు తెల్లగా మెరిసి, కన్ను దానికే అలవాటుపడి, దూరం చీకటైపోయేది. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు ఒకసారి మరీ దగ్గరికొచ్చాకే కనపడ్డాయి. బ్రేకు తొక్కిన నా కాలు చాలాసేపు వణికింది. వాన పడితే తడి తారు మీద ఆ తెలుపు ఇంకా ఇబ్బంది.

చివరికి 60/55 వాట్ల హాలోజన్‌కే వచ్చాను, పసుపు ఛాయతో 3,200 కెల్విన్. ఈసారి మా ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.4 మాత్రమే. పాత సన్న వైరే తినేస్తోంది. హాలోజన్‌కు వోల్టేజీ 15 శాతం తగ్గితే వెలుగు 40 శాతం దాకా పడిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, ఫ్యూజు, రిలే వేయించాక బల్బు దగ్గర 13.4 వచ్చింది. ఇప్పుడు వడ్ల పక్క రాళ్లు దూరం నుంచే తెలుస్తున్నాయి, ఎదురొచ్చే లారీలూ లైట్లు కొట్టడం లేదు.